స్లాబ్ అంచు దగ్గర రెయిలింగ్ బిగించేటప్పుడు ఎక్స్‌పాన్షన్ బోల్టా, కెమికల్ యాంకరా?

కాంక్రీట్‌లో ఏదైనా బిగించాల్సి వచ్చినప్పుడు అందరూ అడిగేది ఒక్కటే: "రెండిట్లో ఏది గట్టిది?" మందమైన ఫ్లోర్ మధ్యలో ఒక మెషీన్ కాలు బిగించాలంటే ఈ ప్రశ్నకు పెద్దగా విలువ లేదు. సరైన సైజు తీసుకుని సరిగ్గా బిగిస్తే అక్కడ రెండూ సరిపోతాయి. తేడా బయటపడేది అంచు దగ్గర. అందుకే ఈ పోలికను ఒకే పనికి పెట్టి చూద్దాం. బాల్కనీ స్లాబ్ మీద స్టీల్ రెయిలింగ్ స్తంభం, దాని కింద నాలుగు బోల్టుల బేస్ ప్లేట్. అంచు దగ్గరగా ఉంటుంది, స్లాబ్ మందం తక్కువ, పైన టైల్స్ ఉంటాయి, మనుషులు దానికి ఆనుకుని నిలబడతారు. యాంకర్‌ల విషయంలో వచ్చే చిక్కులన్నీ ఈ ఒక్క పనిలోనే ఎదురవుతాయి.

రెండూ పట్టుకునే తీరు వేరు

ఎక్స్‌పాన్షన్ బోల్టుల్లో ఎక్కువగా వాడేది వెడ్జ్ యాంకర్. బోల్టు కింది చివర శంకువులా వెడల్పవుతుంది, దాని చుట్టూ ఒక క్లిప్ ఉంటుంది. బోల్టును రంధ్రంలోకి కొట్టి పైన నట్ బిగిస్తే బోల్టు కొద్దిగా పైకి జరుగుతుంది. క్లిప్ మాత్రం గోడను పట్టుకుని అక్కడే ఆగుతుంది. శంకువు దాని లోపలికి దూరి క్లిప్‌ను పక్కలకు నెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే బోల్టును పట్టి ఉంచుతుంది. అంటే బయటి నుంచి ఏ లోడూ రాకముందే, కేవలం నట్ బిగించినందుకే, కాంక్రీట్ లోపల పక్కలకు ఒత్తిడి మొదలైపోతుంది. కట్టెలో చీల దిగ్గొట్టినప్పుడు జరిగేది ఇదే. దుంగ మధ్యలో కొడితే చీల బిగుసుకుంటుంది, అంచున కొడితే పెచ్చు లేస్తుంది.

కెమికల్ యాంకర్‌లో ఈ ఒత్తిడి ఉండదు. త్రెడెడ్ రాడ్ కన్నా కొంచెం పెద్ద రంధ్రం వేసి, అందులో రెసిన్ నింపి, రాడ్డును తిప్పుతూ దించుతారు. గట్టిపడిన రెసిన్ ఒక పక్క రాడ్డు మరలను, ఇంకో పక్క రంధ్రం గోడలోని గరుకును పట్టుకుంటుంది. లోడు రాడ్డు పొడవునా పంచుకుని కాంక్రీట్‌లోకి దిగుతుంది. బిగించేటప్పుడు కాంక్రీట్‌ను చీల్చే బలం లేదు కాబట్టి అంచుకు మరింత దగ్గరగా పెట్టవచ్చు. పైగా రాడ్డు పొడవు మన చేతిలో ఉంటుంది కాబట్టి లోతు పెంచుకునే వీలు కూడా ఉంది.

అయితే ఈ పట్టు అంతా రెసిన్ గోడకు అంటుకోవడం మీదే ఆధారపడింది. మధ్యలో దుమ్ము ఉంటే రెసిన్ కాంక్రీట్‌కు కాక ఆ దుమ్ముకు అంటుకుంటుంది. దీని గురించి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే సైట్లలో కెమికల్ యాంకర్ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

ఒక స్తంభానికి లెక్క

స్లాబ్ మందం 150 మి.మీ. కాంక్రీట్ 25 గ్రేడ్. రెయిలింగ్ ఎత్తు ఒక మీటరు, స్తంభానికీ స్తంభానికీ మధ్య 1.2 మీటర్లు. పై పైపు మీద మీటరుకు 75 కిలోల పక్క తోపు వస్తుందనుకుందాం. అసలు ఎంత తీసుకోవాలన్నది భవనం రకాన్ని బట్టి మీకు వర్తించే కోడ్ చెబుతుంది, జనం గుమిగూడే చోట ఇది చాలా పెరుగుతుంది. మన లెక్కలో ఒక్కో స్తంభం తల మీద 90 కిలోల తోపు పడుతుంది.

బేస్ ప్లేట్ 120 మి.మీ. చతురస్రం. నాలుగు 12 మి.మీ. బోల్టులు, ఒక్కోటి ప్లేట్ అంచు నుంచి 20 మి.మీ. లోపల, అంటే బోల్టుల మధ్య 80 మి.మీ. ప్లేట్‌ను స్లాబ్ అంచు నుంచి 40 మి.మీ. లోపలికి పెట్టారు. కాబట్టి బయటి వరుస బోల్టులు అంచుకు 60 మి.మీ. దూరంలో, లోపలి వరుస 140 మి.మీ. దూరంలో ఉన్నాయి.

ఎవరైనా రెయిలింగ్‌ను బయటికి తోస్తే ప్లేట్ బయటి అంచు మీద ఒరుగుతుంది, లోపలి రెండు బోల్టులు పైకి లాగబడతాయి. పైన ఒక మీటరు ఎత్తులో ఉన్న తోపును కింద సుమారు 90 మి.మీ. చేయి మాత్రమే ఎదుర్కొంటోంది. అందుకే పైన 90 కిలోలు కింద వెయ్యి కిలోలవుతుంది. దాని మీద ఒకటిన్నర రెట్లు భద్రత వేస్తే లోపలి జంట మీద 1.5 టన్నులు, ఒక్కో బోల్టుకు 750 కిలోలు. తొంభై కిలోలే కదా అని ఏ బోల్టు పడితే ఆ బోల్టు వేసేవాళ్లు ఈ ఒక్క లెక్క చూసుకుంటే చాలు.

ఇప్పుడు కాంక్రీట్ వైపు చూద్దాం. బోల్టును బలంగా లాగితే స్టీల్ తెగకముందే కాంక్రీట్ శంకువు ఆకారంలో ఊడి రావచ్చు. ఆ శంకువు కింద బోల్టు లోతు దగ్గర మొదలై, పైకి వచ్చేసరికి అన్ని పక్కలకూ లోతుకు ఒకటిన్నర రెట్లు విస్తరిస్తుందని లెక్కల్లో తీసుకుంటారు. 70 మి.మీ. లోతున్న బోల్టుకు అన్ని పక్కలా 105 మి.మీ. కాంక్రీట్ కావాలి. అంత లేకపోతే శంకువులో ఒక ముక్క తగ్గినట్టే, బలం కూడా అందుకు తగ్గట్టు పడిపోతుంది.

వెడ్జ్ బోల్టు 70 మి.మీ. లోతుకు దించామనుకుందాం. స్లాబ్‌లో సన్నటి పగుళ్లు ఉండవచ్చన్న జాగ్రత్తతో యూరోపియన్ పద్ధతిలో లెక్క కడితే లోపలి జంటకు కాంక్రీట్ ఇచ్చే డిజైన్ బలం దాదాపు 1.85 టన్నులు. కావలసింది 1.5. బోల్టు జారకుండా ఉండే బలం కూడా తయారీదారు టేబుల్లో చూసుకోవాలి కానీ, కాంక్రీట్ వరకు పాస్. అయితే తోపు ఎప్పుడూ బయటికే రాదు. రెయిలింగ్‌ను లోపలికి లాగినా, గాలి ఎదురు తిరిగినా లాగబడేది బయటి జంట. దానికి ఒక పక్క 60 మి.మీ. మాత్రమే ఉంది. అదే లెక్కలో దాని బలం 1.27 టన్నులకు దిగుతుంది. రెండు దిక్కులా అంతే లోడు తీసుకోవాలని మీ కోడ్ చెబితే ఇది చాలదు. దీనికి తోడు ఆ 60 మి.మీ. దూరంలో నట్ బిగించేటప్పుడే చీలిక వచ్చే ప్రమాదం వేరు. 12 మి.మీ. వెడ్జ్ బోల్టులకు తయారీదారులు అనుమతించే కనీస అంచు దూరం చాలావాటిలో 60 నుంచి 75 మి.మీ. మధ్య ఉంటుంది, అదీ పక్క బోల్టు దూరం, స్లాబ్ మందం సరిపోతేనే.

అదే చోట 12 మి.మీ. త్రెడెడ్ రాడ్‌ను రెసిన్‌తో 110 మి.మీ. లోతుకు పెడితే లోపలి జంటకు కాంక్రీట్ బలం దాదాపు 2.9 టన్నులు, బయటి జంటకు 1.8 టన్నులు వస్తుంది. రెండు దిక్కులా 1.5 దాటింది. కింద ఇంకా 40 మి.మీ. కాంక్రీట్ మిగులుతుంది. సాధారణంగా అడిగే 30 మి.మీ. కన్నా అది ఎక్కువే. ఇక్కడ గెలిపించినది రెసిన్ మహిమ కాదు, లోతు. వెడ్జ్ బోల్టును ఆ లోతుకు తీసుకెళ్లినా 150 మందం స్లాబ్‌లో చాలా రకాలకు అనుమతి ఉండదు. వాటికి మామూలుగా లోతుకు రెండింతల మందం కావాలి.

పక్క తోపు విషయంలో అంచు ఇంకా కఠినంగా ఉంటుంది. బోల్టు అంచు వైపు నెట్టబడితే ముందున్న కాంక్రీట్ పెచ్చులా విరిగిపోతుంది, ఆ బలం అంచు దూరానికి ఒకటిన్నర ఘాతంతో మారుతుంది. దూరాన్ని సగం చేస్తే బలం సగం కాదు, మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. మన కేసులో పక్క తోపు చిన్నదే కాబట్టి 60 మి.మీ. దగ్గర ఇబ్బంది లేదు. కానీ "ఇంకో రెండు సెంటీమీటర్లు బయటికి జరిపితే లుక్ బాగుంటుంది" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుండాలి.

ఈ అంకెలన్నీ కాంక్రీట్ ఊడిపోవడం గురించి మాత్రమే. రెసిన్ పట్టు, స్టీల్ బలం, చీలిక వీటిని మీరు కొన్న సరుకు టేబుల్‌తోనే చూడాలి. రెండు కంపెనీల 12 మి.మీ. బోల్టులు చూడటానికి ఒకేలా ఉన్నా వాటి కనీస అంచు దూరాలు వేరుగా ఉంటాయి.

టైల్, మోర్టార్ లోతులోకి రావు

పై లెక్కలో 70 అన్నా 110 అన్నా అది స్లాబ్ కాంక్రీట్ మొదలైన చోటు నుంచి. సైట్లో జరిగేది చూడండి. పనివాళ్లు టైల్స్ వేసేశాక వస్తారు. టైల్, దాని కింద మోర్టార్ కలిపి 50 మి.మీ. ఉంటుంది. 120 మి.మీ. పొడవు బోల్టు తెచ్చారు. ప్లేట్ 10, వాషర్, నట్, పైకి కనిపించే మర కలిపి మరో 15. ఇక కాంక్రీట్‌లోకి దిగింది 45 మి.మీ. మాత్రమే. 70కి బదులు 45 అంటే శంకువు బలం దాదాపు సగం. పైనుంచి చూస్తే నట్లు మెరుస్తూ గట్టిగా ఉంటాయి, లోపల ఉన్నది సగం బలం. టైల్ కింద మోర్టార్ పక్క తోపును ఆపలేదు కాబట్టి బోల్టు ఆ 50 మి.మీ. మేర వంగడానికి కూడా వీలు దొరుకుతుంది. ఇలా బిగించిన స్తంభాల చుట్టూ కొన్నాళ్లకు టైల్ పగిలి, పట్టుకుని ఊపితే కదులుతుంటాయి.

సరైన పని ఏమిటంటే ప్లేట్ ఉన్నంత మేర టైల్, మోర్టార్ తీసేసి ప్లేట్‌ను కాంక్రీట్ మీదే కూర్చోబెట్టడం, కింద ఎగుడుదిగుడును పలచటి నాన్-ష్రింక్ గ్రౌట్‌తో నింపడం. అంతకన్నా మంచిది రెయిలింగ్ ప్లేట్లను టైల్స్‌కు ముందే బిగించుకోవడం. బాల్కనీలో వాటర్‌ప్రూఫింగ్ పొర ఉంటే నాలుగు రంధ్రాలూ దాన్ని చీల్చుకునే వెళ్తాయి, కాబట్టి ఆ చోట మళ్లీ సీల్ చేయించడం మర్చిపోవద్దు. స్లాబ్ పక్క ముఖం మీద బిగించేటప్పుడు ప్లాస్టరింగ్ మందానికీ ఇదే సూత్రం.

రంధ్రం వేసే ముందు, వేసేటప్పుడు

ముందు స్లాబ్ లోపల ఏముందో తెలుసుకోవాలి. అంచు వెంబడి ఇనుప చువ్వలు ఉంటాయి, బాల్కనీలో ముఖ్యమైన చువ్వలు స్లాబ్ పై భాగంలోనే ఉంటాయి. గోడలోంచి బయటికి పొడుచుకుని వచ్చిన బాల్కనీని నిలబెట్టేవి అవే. డ్రిల్లుకు అడ్డం వచ్చిందని చువ్వను కోసేస్తే ఆ స్లాబ్‌నే బలహీనం చేసినట్టు. కాబట్టి రీబార్ డిటెక్టర్‌తో చువ్వలను గుర్తించి, చాక్‌తో గీసుకుని, బేస్ ప్లేట్ రంధ్రాలు ఖాళీల మీద పడేలా జరుపుకోవాలి. స్లాబ్ పోస్ట్-టెన్షన్డ్, అంటే లోపల స్టీల్ కేబుళ్లు లాగి బిగించినది అని ఏ మాత్రం అనుమానం ఉన్నా స్కాన్ చేయించకుండా డ్రిల్ ముట్టుకోవద్దు. బిగుసుకుని ఉన్న కేబుల్ తెగితే స్లాబ్ బలం పోవడమే కాదు, దగ్గరున్న మనిషి ప్రాణానికే ముప్పు. కరెంటు పైపులు, నీళ్ల పైపుల సంగతి సరేసరి.

డ్రిల్ చువ్వకు తగిలితే చేతికి తెలుస్తుంది. లోపలికి దిగడం ఆగిపోతుంది, శబ్దం మారుతుంది, బూడిద రంగు పొడిలో మెరిసే ఇనుప రజను కనిపిస్తుంది. అప్పుడు ఆపేసి చోటు మార్చాలి. మార్చడమంటే వేలెడు పక్కకు జరపడం కాదు. వదిలేసిన రంధ్రం లోతుకు రెండింతల దూరంలో కొత్తది వేయాలి. అంత దూరం కుదరకపోతే పాత రంధ్రాన్ని ఎక్కువ బలమున్న నాన్-ష్రింక్ మోర్టార్‌తో పూర్తిగా నింపి, గట్టిపడ్డాకే దగ్గర్లో వేయాలి. ఖాళీగా వదిలేసిన రంధ్రం అంచు వైపు, లోడు వెళ్లే దారిలో ఉంటే అది మరీ ప్రమాదం.

బిట్ సైజు దగ్గర రెండు రకాలకూ పద్ధతి వేరు. 12 మి.మీ. వెడ్జ్ బోల్టుకు రంధ్రం కూడా 12 మి.మీ. బిట్‌తోనే. అరిగిన బిట్ వాడితే బోల్టు దిగదు, దాన్ని సుత్తితో బాదితే మర పాడవుతుంది. బిట్‌ను అటూ ఇటూ ఊపి రంధ్రం వెడల్పు చేస్తే క్లిప్ పట్టుకోదు. 12 మి.మీ. త్రెడెడ్ రాడ్‌కు చాలా రెసిన్‌లకు 14 మి.మీ. రంధ్రం చెబుతారు. వెడ్జ్ బోల్టుకు అడుగున దుమ్ము కూర్చోవడానికి 10–15 మి.మీ. అదనపు లోతు వదలాలి. బిట్ మీద లోతు చూపే టేప్ చుట్టుకుంటే కింది వైపు స్లాబ్ పెచ్చు ఊడే పరిస్థితి రాదు.

అంచు దగ్గర రోటరీ హ్యామర్ మీద బరువు వేసి నొక్కకండి. పదునున్న బిట్‌కు మెషీన్ దెబ్బ చాలు, మొద్దు బిట్‌ను నొక్కి తోసినప్పుడే అంచు పెళ్లలు లేస్తాయి. డైమండ్ కోర్ మెషీన్ అయితే దెబ్బ ఉండదు కదా అని కొందరు అటు వెళ్తారు. దాని రంధ్రం గోడ నున్నగా వస్తుంది, తడి బురద అతుక్కుని ఉంటుంది. చాలా రెసిన్‌లకు, చాలా వెడ్జ్ బోల్టులకు ఆ రంధ్రంలో అనుమతి ఉండదు. సరుకు కాగితం మీద డైమండ్ డ్రిల్లింగ్ అని స్పష్టంగా రాసి ఉంటేనే వాడాలి. కాంక్రీట్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి బయటికి రాదు. మాస్క్, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయించవద్దు.

శుభ్రం చేయని రంధ్రంలో రెసిన్ పట్టు సగం కూడా మిగలకపోవచ్చు

హ్యామర్ డ్రిల్‌తో వేసిన రంధ్రం గోడకు పిండి లాంటి పొర అతుక్కుని ఉంటుంది. నోటితో ఊదితే ఒక చెంచాడు దుమ్ము బయటికి వచ్చి కంట్లో పడుతుంది, గోడకు అతుక్కున్న పొర మాత్రం అలాగే ఉంటుంది. వేలు పెట్టి తిప్పి చూస్తే తెల్లగా పౌడర్ అంటుకుంటుంది. ఆ రంధ్రంలో రెసిన్ నింపితే రాడ్డుకు బాగా పట్టుకుంటుంది, గోడకు పట్టుకోదు. లాగి పరీక్ష చేసినప్పుడు రాడ్డు తన చుట్టూ గట్టిపడ్డ రెసిన్‌తో సహా మొత్తంగా ఊడొస్తుంది, ఆ రెసిన్ పైన బూడిద దుమ్ము పూత కనిపిస్తుంది. ఆ దుమ్ము పూత కనిపించిందంటే తప్పు రెసిన్‌ది కాదు, రంధ్రం శుభ్రం చేయనందుకే.

శుభ్రం చేయడానికి వరుస ఉంది: ఊదాలి, బ్రష్ చేయాలి, మళ్లీ ఊదాలి. చాలా రెసిన్‌లు ఒక్కో మెట్టును రెండేసి సార్లు, కొన్ని నాలుగేసి సార్లు చేయమంటాయి. మీ కార్ట్రిడ్జ్ మీద ఎంత రాసి ఉంటే అంత. పంపు గొట్టం అడుగు దాకా వెళ్లాలి, మూతి దగ్గర పెట్టి ఊదితే దుమ్ము కిందికే దిగుతుంది. కంప్రెసర్ వాడితే గాలిలో నూనె రాకుండా చూసుకోవాలి, నూనె పొర కూడా దుమ్ము చేసే పనే చేస్తుంది. అడుగు నుంచి వచ్చే గాలిలో దుమ్ము కనబడకుండా పోయే వరకు ఊదాలి.

బ్రష్ అంటే స్టీల్ వైర్ గుండ్రటి బ్రష్, రంధ్రం కన్నా కొంచెం పెద్దది. 14 మి.మీ. రంధ్రంలోకి దాని బ్రష్ తోస్తే చేతికి ఒరుసుకుంటూ బిగుతుగా దిగాలి. సులువుగా జారిపోతోందంటే బ్రష్ అరిగిపోయింది, లేదా సైజు తప్పు. దాన్ని పక్కన పడేయాల్సిందే. పెద్ద సైట్లలో ఒకే బ్రష్‌తో వందల రంధ్రాలు తోమేస్తుంటారు. చివరికి వచ్చేసరికి ఆ బ్రష్ గోడకు తగలదు, తోమినట్టు కనిపిస్తుంది అంతే. దుమ్మును డ్రిల్ చేస్తూనే పీల్చేసే హాలో బిట్, వ్యాక్యూమ్ జత దొరికితే, రెసిన్ కంపెనీ దానికి ఒప్పుకుంటే, బ్రష్ పని తప్పుతుంది. పనివాళ్ల శ్రద్ధ మీద ఆధారపడకుండా ఉండటానికి నాకు తెలిసిన మంచి దారి అదే.

వెడ్జ్ బోల్టుకు ఇంత శుభ్రం అక్కర్లేదు కానీ అసలు వద్దనుకోకూడదు. ఊది తీయకపోతే బోల్టు అడుగున దుమ్ము గట్టిపడి పూర్తి లోతుకు దిగదు.

రెసిన్ నింపడం, ఆగడం

కార్ట్రిడ్జ్‌లో రెండు భాగాలు నాజిల్‌లో కలుస్తాయి. మొదట వచ్చేది సరిగ్గా కలవదు, చారలు చారలుగా ఉంటుంది. ఒకే రంగు వచ్చే వరకు బయట వదిలేయాలి. నాజిల్‌ను అడుగు దాకా పెట్టి, నింపుతూ మెల్లగా వెనక్కి తీయాలి. పైనుంచి నింపితే అడుగున గాలి బుడగ మిగిలిపోతుంది. మన 14 మి.మీ., 110 మి.మీ. లోతు రంధ్రంలో మూడింట రెండు వంతులు నింపితే సుమారు 11 మిల్లీలీటర్లు. రాడ్డును తిప్పుతూ దించినప్పుడు మూతి దగ్గర చుట్టూ రెసిన్ ఉబికి రావాలి. రాకపోతే లోపల ఖాళీ ఉంది. గట్టిపడకముందే రాడ్డు తీసి ఇంకా నింపాలి. ఒక స్తంభానికి 45 మిల్లీలీటర్లు అనుకుంటే 300 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ ఐదారు స్తంభాలకు వస్తుంది. ఒకే కార్ట్రిడ్జ్‌తో ఇరవై స్తంభాలు అయిపోయాయని ఎవరైనా చెబితే రంధ్రాలు ఎలా ఉన్నాయో వెంటనే చూడండి.

గట్టిపడే సమయం కాంక్రీట్ వేడి మీద ఆధారపడుతుంది. త్వరగా గట్టిపడే వినైల్ ఎస్టర్ రకాలకు 20 డిగ్రీల దగ్గర చేతిలో ఐదారు నిమిషాలు దొరికితే, ఎండకు కాలిన స్లాబ్ మీద అది రెండు నిమిషాలకు తగ్గవచ్చు. అప్పుడు రాడ్డు సగం దిగి ఆగిపోతుంది, సుత్తితో కొట్టి దించితే పట్టు చెడుతుంది. స్లో ఎపాక్సీలు నెమ్మదిగా గట్టిపడతాయి, కొన్నిటికి రోజు దాకా ఆగాలి. తడి కాంక్రీట్‌లో చాలావాటికి రెండింతల సమయం పడుతుంది. ఆ సమయం తీరేవరకు రాడ్డును ముట్టుకోకూడదు, ప్లేట్ పెట్టి నట్ బిగించకూడదు. రెయిలింగ్ పనివాళ్లు సాయంత్రానికి అయిపోవాలన్న టెన్షన్‌లో అరగంటకే బిగించడం వల్ల పాడయ్యే రాడ్డులు తక్కువేమీ కాదు.

బిగించాక ఎలా తెలుస్తుంది

వెడ్జ్ బోల్టులో ఒక సుగుణం ఉంది: బిగింపు తనే చెబుతుంది. టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన అంకెకు, 12 మి.మీ. బోల్టుకు తరచూ 50 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, కొద్ది తిప్పులకే చేరాలి. నట్ తిరుగుతూనే ఉండి బోల్టు పైకి వస్తూ ఉంటే క్లిప్ జారుతోంది, ఆ బోల్టు లెక్కలోంచి తీసేయాలి. బిగిస్తుండగా బోల్టు నుంచి అంచు వైపు వెంట్రుక లాంటి గీత కనిపిస్తే అది చీలిక. ఇంకా బిగించకండి, ఆ చోట వెడ్జ్ పనికిరాదని అర్థం. టార్క్ రెంచ్ లేకుండా పొడవాటి పానాకు పైపు తొడిగి బిగించడం అంచు దగ్గర చేసే పని కాదు.

కెమికల్ యాంకర్‌లో నట్ బిగింపు లోపలి పట్టు గురించి ఏమీ చెప్పదు. చెడ్డ రాడ్డు కూడా టార్క్ తీసుకోవచ్చు. అందుకే లాగి పరీక్షించే జాక్‌తో కొన్ని రాడ్డులనైనా ఇంజనీర్ చెప్పిన లోడు వరకు పరీక్షించాలి. ప్రాణాల మీదికి వచ్చే రెయిలింగ్‌కు ఈ ఖర్చు వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

మరి ఏది ఎప్పుడు

అంచు 100 మి.మీ. పైన దొరికి, స్లాబ్ మందం సరిపోయి, వెంటనే లోడు వేయాల్సి ఉంటే వెడ్జ్ బోల్టే తీసుకోండి. పని తక్కువ, తప్పు జరిగితే అక్కడికక్కడే బయటపడుతుంది, ఎండలో రెసిన్ తొందర లేదు. బేస్ ప్లేట్‌ను ఇంకాస్త లోపలికి జరిపే వీలుంటే, రెసిన్ గురించి ఆలోచించే ముందు ఆ జరపడం గురించి ఆలోచించండి. చవకైన పరిష్కారం అదే. పగిలే అవకాశమున్న కాంక్రీట్‌కు పనికొస్తుందని అనుమతి ఉన్న రకమే కొనాలి. బాల్కనీ పైభాగం పగుళ్లు వచ్చే చోటే.

అంచు 60–100 మధ్య ఉంటే, స్లాబ్ మందం చాలితే, రంధ్రాలు శుభ్రం చేసే మనిషి మీద నమ్మకం ఉంటే కెమికల్. ఆ మూడోది లేకపోతే మొదటి రెండూ ఉండి లాభం లేదు.

ఎప్పుడూ కిందికి లాగుతూ ఉండే లోడు, అంటే సీలింగ్‌కు వేలాడే బరువుల విషయంలో, రెసిన్ ఎంపిక మరింత జాగ్రత్తగా చేయాలి. కొన్ని రెసిన్‌లు నిలకడ లోడు కింద నెలల తరబడి మెల్లగా సాగుతాయి. 2006 జూలై 10న అమెరికాలోని బోస్టన్‌లో ఒక టన్నెల్ సీలింగ్ కాంక్రీట్ పలకలు కారు మీద పడి ఒకరు చనిపోయారు. అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు విచారణలో, త్వరగా గట్టిపడే రకం ఎపాక్సీ వాడారని, అది నిలకడ లోడుకు సాగిపోయే గుణం ఉన్నదని తేలింది. రెయిలింగ్‌పై లోడు వచ్చిపోయేది కాబట్టి ఈ ఇబ్బంది అంతగా ఉండదు. కానీ అదే కార్ట్రిడ్జ్ మిగిలిందని సీలింగ్ పనికి వాడేయకండి. మంటలు తగిలే అవకాశమున్న చోట కూడా రెసిన్ మెత్తబడుతుంది, అక్కడ దానికి ప్రత్యేక రేటింగ్ కావాలి.

ఇక అంచు 35–40 మి.మీ. మాత్రమే ఉన్నప్పుడు, లేదా స్లాబ్ 100 మి.మీ. మాత్రమే ఉన్నప్పుడు ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాలన్న పట్టుదల వదిలేయండి. బయటి వరుస బోల్టులు తీసేసి, ప్లేట్‌ను లోపలికి పొడవుగా చేసి, నాలుగు బోల్టులనూ దూరంగా లోపల పెట్టవచ్చు. అప్పుడు చేయి పొడవు పెరిగి బోల్టు మీద లాగుడు కూడా తగ్గుతుంది. కింది అంతస్తు నుంచి చేరుకునే వీలుంటే స్లాబ్ పైనుంచి కింది దాకా రంధ్రం వేసి, చువ్వలు తప్పించి, కింద మరో ప్లేట్ పెట్టి బోల్టు వేయవచ్చు. కొత్తగా కడుతున్న స్లాబ్ అయితే కాంక్రీట్ పోసే రోజే ప్లేట్లను చువ్వలకు కట్టి లోపల పెట్టించుకోండి, ఆ బాల్కనీలో డ్రిల్ ముట్టుకునే అవసరమే రాదు.